సోలార్ కంచె బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుంది? ముసలిదైందని ముందే తెలుసుకోవడం ఎలా?

చేవెళ్ల మొక్కజొన్న

అందరికీ నమస్కారం. చేవెళ్ల దగ్గర మాకు నాలుగు ఎకరాలుంది. ఈసారి మూడెకరాల్లో మొక్కజొన్న, మిగతాదాంట్లో కూరగాయలు వేశాను. అడవి పందుల బాధ పడలేక మూడేళ్ల కిందట సోలార్ కంచె వేయించాను. 12 వోల్టుల ఝట్కా మిషన్, 40 వాట్ల ప్యానెల్, 26 ఆంపియర్ అవర్ల సీల్డు బ్యాటరీ. బ్యాటరీ మొదటిదే, ఇంతవరకు మార్చలేదు. మిషన్‌ను సాయంత్రం వేసి పొద్దున ఆపేస్తాను.

పోయిన వారం పందులు లోపలికి వచ్చి రెండు సాళ్లు పడగొట్టాయి. కంకి పాలు పోసుకునే సమయం, వాటికి వాసన తెలిసిపోయింది. రాత్రి కాపలా పడుకుని చూస్తే తెల్లవారుజామున నాలుగింటికి మిషన్‌లో ఎర్ర లైటు మినుకుమినుకుమంటోంది, టక్ టక్ శబ్దం కూడా నెమ్మదించింది. మధ్యాహ్నం మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ 13.4 చూపించింది. బ్యాటరీలమ్మే ఆయన ‘13.4 ఉందంటే బ్యాటరీ దివ్యంగా ఉన్నట్టు, మిషన్ చూపించుకో’ అన్నాడు. కంచె వేసిన అబ్బాయి మాత్రం బ్యాటరీ మార్చమంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? అసలు ఈ బ్యాటరీ ఎన్నేళ్లు రావాలి? పోయేదాకా ఆగకుండా ముందే పసిగట్టే దారి ఏదైనా ఉందా?

యాచారం వేరుశనగ

అన్నా, మా బ్యాటరీ రెండేళ్లకే పోయింది. నా లెక్కలో ఇదంతా గడ్డి చేసే పని. వానలకు గడ్డి పెరిగి తీగలకు తగులుతుంది, కరెంటంతా భూమిలోకి దిగిపోతుంది, అర్ధరాత్రికల్లా బ్యాటరీ ఖాళీ అవుతుంది. ముందు కంచె కింద గడ్డి కోయించు. బ్యాటరీకి డబ్బు తర్వాత పెట్టొచ్చు.

రాణిగంజ్ రిపేర్లు

చేవెళ్ల రైతు గారూ, నేను రాణిగంజ్‌లో పంపుసెట్లు, కంచె మిషన్లు బాగుచేస్తాను. వానాకాలం మొదలైతే నా బల్ల మీదికి వచ్చే మిషన్లలో చాలావాటికి ఏ రోగమూ ఉండదు, రోగమంతా బ్యాటరీలోనే. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఆయుష్షు సంగతి ముందు చెబుతాను. మీ దగ్గరున్న సీల్డు లెడ్ యాసిడ్ బ్యాటరీ మన ఎండల్లో రెండు నుంచి మూడేళ్లు పనిచేస్తే న్యాయంగా పనిచేసినట్టే. నీడలో పెట్టి, ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కానివ్వకపోతే నాలుగో ఏడు కూడా చూస్తుంది. కాగితాల మీద ఐదేళ్లని రాసి ఉంటుంది కానీ అది 20 నుంచి 25 డిగ్రీల వేడిలో వేసిన లెక్క. అంతకు పైన ప్రతి పది డిగ్రీలకు ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. మే నెలలో బయటే 40 దాటే చోట, ఎండలో ఉన్న ఇనుప డబ్బా లోపల ఎంత ఉంటుందో మీరే ఊహించండి.

ఇక 13.4 సంగతి. మధ్యాహ్నం ఎండలో ప్యానెల్ తగిలించి ఉండగా మీటరు చూపించేది చార్జింగ్ వోల్టేజి. ప్యానెల్ పనిచేస్తోందని దాన్నిబట్టి తెలుస్తుంది. బ్యాటరీ కడుపులో ఎంత పడుతుందో దానికి తెలియదు. ముసలి బ్యాటరీ కూడా మిట్టమధ్యాహ్నం 13.4 చూపిస్తుంది, 14 కూడా చూపిస్తుంది. అమ్మినాయన ఆ అంకె చూసి బాగుందని చెప్పడం తప్పు.

మీరు రెండు అంకెలు తీయండి. పొద్దుగూకాక ప్యానెల్ నుంచి చార్జింగ్ ఆగిపోయి ఓ అరగంట గడిచాక ఒకటి, తెల్లవారుజామున ఎండ పొడ రాకముందే ఇంకొకటి. రెండుసార్లూ మిషన్ నడుస్తూనే ఉండాలి, మీటరు పుల్లలు బ్యాటరీ టెర్మినల్ మీదే పెట్టాలి, వైరు చివర కాదు. రెండు సమయాలూ రాసుకోండి. మిషన్ వెనక స్టిక్కరు మీద ఎన్ని ఆంపియర్లు లాగుతుందని ఉందో, బ్యాటరీ డబ్బా ఎక్కడ పెట్టారో కూడా చెప్పండి.

ఉప్పల్ వాసి

మా ఇంట్లో బ్యాటరీ ఐదేళ్లు వచ్చింది. మూడు నెలలకొకసారి డిస్టిల్డ్ వాటర్ పోస్తూ, టెర్మినళ్లకు వాజెలిన్ రాస్తే చాలు. మీరు నీళ్లు పోయడం మరిచిపోయి ఉంటారు. మూతలు తీసి చూడండి, ప్లేట్లు బయటపడి ఉంటాయి.

రాణిగంజ్ రిపేర్లు

ఉప్పల్ మిత్రమా, మీరు చెప్పేది ఇంట్లో ఇన్వర్టరుకు వాడే పెద్ద ట్యూబులర్ బ్యాటరీ సంగతి. దానికి నీళ్లు పోయాల్సిందే, పోస్తే నాలుగైదేళ్లు వస్తుంది కూడా. రైతు గారిది సీల్డు బ్యాటరీ, దానికి నీళ్లు పోసే మూతలుండవు. వాజెలిన్ మాట మాత్రం దీనికీ వర్తిస్తుంది.

చేవెళ్ల మొక్కజొన్న

మీరు చెప్పినట్టే చేశాను. నిన్న రోజంతా మంచి ఎండ. సాయంత్రం 7.15కి 12.9 ఉంది. ఈ పొద్దున 5.15కి 11.7 ఉంది. స్టిక్కరు మీద 0.3 ఆంపియర్ అని రాసి ఉంది. బ్యాటరీ, మిషన్ రెండూ ఒకే ఇనుప డబ్బాలో ఉన్నాయి, డబ్బా ప్యానెల్ స్తంభానికే బిగించారు, దక్షిణం వైపు. పైన నీడ లేదు.

ఇంకో సంగతి గమనించాను. పొద్దున తొమ్మిదిన్నరకే చార్జింగ్ కంట్రోలరులో ఫుల్ అని పచ్చ లైటు వచ్చేస్తోంది, మీటరు 14.4 చూపిస్తోంది. మొదటి ఏడాది వానల్లో అయితే ఒక్కోసారి సాయంత్రమైనా ఆ లైటు వచ్చేది కాదు. ఇంత త్వరగా నిండుతోందంటే బ్యాటరీ బాగున్నట్టే కదా?

రాణిగంజ్ రిపేర్లు

మంచి అంకెలు తీశారు. ఒక్కొక్కటే చూద్దాం.

సాయంత్రం అంకె ప్యానెల్ సంగతి చెబుతుంది, తెల్లవారుజాము అంకె బ్యాటరీ సంగతి చెబుతుంది. సాయంత్రం 12.9 అంటే ఆ రోజు బ్యాటరీ పట్టినంతా పట్టింది. ప్యానెల్ మీద దుమ్ము పేరుకున్నా, కంట్రోలరు పోయినా, వైరు వదులైనా ఆ అంకె సాయంత్రమే 12.3, 12.4 దగ్గర ఉండేది. కాబట్టి అటువైపు అనుమానం అక్కర్లేదు.

ఇప్పుడు రాత్రి ఖర్చు. 0.3 ఆంపియర్ చొప్పున పది గంటలంటే 3 ఆంపియర్ అవర్లు. మీది 26 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. కొత్తగా ఉన్నప్పుడు దానికి ఇది సుమారు తొమ్మిదో వంతు ఖర్చు, తెల్లవారేసరికి 12.5కి అటూఇటూగా ఉండాలి. ఇంత చిన్న లోడుకు వోల్టేజి పెద్దగా కుంగదు కాబట్టి ఆ అంకెను దాదాపు నమ్మొచ్చు. మీకు 11.7 వచ్చింది. 12.2 అంటే సగం ఖాళీ, 11.8 అంటే అడుగంటినట్టే. అంటే 3 ఆంపియర్ అవర్లు తీసేసరికే మీ బ్యాటరీ అడుగంటుతోంది. ఉంటే గింటే లోపల నాలుగు, ఐదు మిగిలి ఉంటాయి. నాలుగింటికి శబ్దం నెమ్మదించడం కూడా దీన్నే చెబుతోంది. చాలా మిషన్లు బ్యాటరీ బలహీనపడగానే దెబ్బకూ దెబ్బకూ మధ్య విరామం పెంచుతాయి.

పచ్చ లైటు త్వరగా రావడం గురించి మీరు అనుకున్నది తిరగేసి చదవాలి. ముంత చిన్నదైతే తొందరగా నిండుతుంది. ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడితే లోపలి నిరోధం పెరుగుతుంది, కొంచెం కరెంటు ఎక్కగానే వోల్టేజి 14.4కి ఎగబాకుతుంది, కంట్రోలరు నిండిందనుకుని పచ్చ లైటు వేస్తుంది. అయితే ఈ ఒక్క గుర్తు చాలదు. మంచి ఎండ రోజుల్లో కొత్త బ్యాటరీకి కూడా రాత్రి పోయింది మూడే కాబట్టి అదీ పొద్దున్నే నిండొచ్చు. తేడా తెలిసేది రెండు రోజులు మబ్బు పట్టిన తర్వాత. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ ఆ లోటు తీర్చుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, మొదటి ఏడాది మీరు చూసింది అదే. ముసలిదానికి తీర్చుకోవాల్సిన లోటే ఉండదు, పట్టే చోటు లేదు కాబట్టి.

ఈ బ్యాటరీలు ముసలివైనా రైతుకు తెలియకపోవడానికి ఒక కారణముంది. రాత్రికి కావలసింది 3, ఉన్నది 26. మిగతాదంతా మబ్బు రోజులకు దాచుకున్నది. ఆ దాచుకున్నది సగం పోయినా కంచె అలాగే కొడుతుంది, మిషన్ అలాగే టక్కుమంటుంది. ఎండాకాలంలో ఏ లోటూ కనిపించదు. అసలు దెబ్బ తగిలేది ఏప్రిల్, మే నెలల వేడిలోనే. బయటపడేది మాత్రం జులై, ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టినప్పుడు. మూడు రాత్రులంటే 9 ఆంపియర్ అవర్లు. కొత్తది అవలీలగా మోస్తుంది. మీది రెండో రాత్రి దాటదు.

యాచారం వేరుశనగ

లెక్క బాగుంది కానీ గడ్డి సంగతి మీరు దాటేశారు. కరెంటు గడ్డిలోకి పోతుంటే బ్యాటరీ నుంచే కదా పోవాలి? మా దగ్గర గడ్డి కోయించిన రాత్రి నుంచి ఎర్ర లైటు రావడం ఆగింది. కళ్లారా చూశాను.

రాణిగంజ్ రిపేర్లు

దాటేయలేదు, దానికే వస్తున్నాను. మామూలు ఝట్కా మిషన్ లోపల ఒక కెపాసిటర్ ఉంటుంది. సుమారు సెకనుకొకసారి మిషన్ దాన్ని నింపి ఒక్క దెబ్బతో తీగలోకి వదిలేస్తుంది. ఆ దెబ్బ గడ్డిలోకి దిగినా, పంది ముట్టెకు తగిలినా, ఎవరికీ తగలకపోయినా మళ్లీ నింపడానికి బ్యాటరీ నుంచి లాగేది దాదాపు అంతే. గడ్డి వల్ల నష్టం బ్యాటరీకి కాదు, తీగ మీది వోల్టేజికి. 8 వేల వోల్టులు ఉండాల్సిన చోట 2 వేలు కూడా ఉండదు, పంది లెక్కచేయదు. పందిని ఆపాలంటే కంచె చివరన కూడా 4 వేలకు తగ్గకూడదని నేను చూసుకుంటాను.

అయితే లోడు పెరిగితే తనే బలం పెంచుకునే మిషన్లు కూడా ఉన్నాయి. వాటిలో గడ్డి తగిలితే బ్యాటరీ ఖర్చు నిజంగానే పెరుగుతుంది. మీది ఆ రకం అయ్యుండొచ్చు. లేదా ఆ ఎర్ర లైటు బ్యాటరీది కాకుండా కంచె వోల్టేజి తగ్గిందని చెప్పే లైటు అయ్యుండొచ్చు. కొన్ని మిషన్లలో ఈ రెండింటికీ ఒకే లైటు పెడతారు. మీ మిషన్ చూడకుండా ఏదో నేను చెప్పలేను.

యాచారం వేరుశనగ

మా మిషన్‌కు ఒకటే లైటు. పుస్తకం ఎక్కడో పోయింది. ఏమైనా గడ్డి కోయడం వల్ల నష్టమైతే లేదు కదా.

ఘట్‌కేసర్ తోట

మా కథ వేరు. మా బ్యాటరీ పక్కలు ఉబ్బి డబ్బాలోంచి బయటికి రాలేదు. మావారు, నేను కలిసి స్క్రూడ్రైవరుతో నెట్టి తీశాం. చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. అప్పటికి ఎండ కూడా పోయింది. ఆ మధ్యాహ్నం దాకా కంచె కొడుతూనే ఉంది మరి. ఉబ్బిన బ్యాటరీని ఎండాకాలం తర్వాత మళ్లీ వాడొచ్చని పక్క పొలం ఆయన అన్నాడు. పైన ప్లాస్టిక్ పట్టీ ఊడదీస్తే లోపల రబ్బరు టోపీలుంటాయి, సిరంజితో డిస్టిల్డ్ వాటర్ ఎక్కిస్తే బతుకుతుందన్నాడు. నిజమేనా అన్నా?

రాణిగంజ్ రిపేర్లు

వద్దమ్మా. ఉబ్బింది, వెచ్చబడింది అంటే లోపల వాయువు పుట్టి ఒత్తిడి పెరిగినట్టు. దాన్ని మళ్లీ చార్జింగుకు పెట్టొద్దు. రబ్బరు టోపీల మాట నిజమే, అవి ఒత్తిడి ఎక్కువైతే వాయువు వదిలే వాల్వులు. వేడికి, అతి చార్జింగుకు వాటిగుండానే లోపలి తేమ కొద్దికొద్దిగా పోతుంది, సీల్డు బ్యాటరీ ఎండిపోయేది అలాగే. సిరంజితో నీళ్లెక్కిస్తే కొన్ని బ్యాటరీలు కొంతకాలం లేచినట్టు కనిపిస్తాయి. కానీ రాలిపోయిన ప్లేటు తిరిగి రాదు, యాసిడ్ చేతి మీద, కంట్లో పడే ప్రమాదముంది. ఉబ్బినదాన్ని అంగడిలో పాతదాని కింద ఇచ్చేయండి. సీసం విలువను వాళ్లు కొత్తదాని ధరలో తగ్గించి ఇస్తారు.

మరొకటి చూడండి. కొత్తది పెట్టే ముందు ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం కంట్రోలరు ఎంత దాకా చార్జ్ చేస్తోందో కొలవండి. 14.4, 14.5 దగ్గర ఆగాలి. 15 దాటి పోతుంటే మీ బ్యాటరీని ఉడికించింది కంట్రోలరే. అది మార్చకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది.

ఘట్‌కేసర్ తోట

కొలిచి చెబుతాను. డబ్బాను మాత్రం వేపచెట్టు కిందికి మార్చాం, ప్యానెల్ నుంచి వైరు పొడిగించి.

రాణిగంజ్ రిపేర్లు

మంచి పని. పొడిగించిన వైరు మాత్రం సన్నది కాకుండా చూసుకోండి. సన్న వైరులో వోల్టేజి కొంత దారిలోనే పోతుంది, అప్పుడు బ్యాటరీ సరిగా నిండదు.

చేవెళ్ల మొక్కజొన్న

అన్నా, మీ లెక్క అర్థమైంది. కానీ బ్యాటరీ అమ్మినాయన ఇంకా ఒప్పుకోవట్లేదు. మీటరు అంకెలతో ఏం తెలుస్తుంది అంటున్నాడు. ఆయన ముందు పెట్టడానికి ఇంతకంటే గట్టి రుజువు ఏదైనా ఉందా?

రాణిగంజ్ రిపేర్లు

ఉంది. ట్రాక్టరు ఇండికేటరుకు వేసే 12 వోల్టుల 21 వాట్ల బల్బు ఒకటి తెచ్చుకోండి, హోల్డరు, రెండు క్లిప్పులు కూడా. బ్యాటరీని ఎండలో పూర్తిగా నిండనిచ్చి, ప్యానెల్, మిషన్ రెండూ విప్పేసి కొన్ని గంటలు ఊరకే ఉంచండి. తర్వాత బల్బు తగిలించి గడియారం చూసుకోండి. ఆ బల్బు సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది. కొత్త 26 బ్యాటరీ దీన్ని పదమూడు, పద్నాలుగు గంటలు వెలిగిస్తుంది. బల్బు వెలుగుతుండగానే మీటరు 10.8కి దిగితే అక్కడ ఆపేయాలి, అంతకు కింద బ్యాటరీకి హాని. గంటకొకసారి, చివర్లో పది నిమిషాలకొకసారి చూడండి, చివర్లో అంకె జారిపోతుంది. ఆపగానే అదే రోజు చార్జింగుకు పెట్టాలి, ఖాళీగా ఒక్క రాత్రి ఉంచినా ప్లేట్లు ఇంకా పాడవుతాయి. ఈ పరీక్ష తరచుగా చేయకూడదు, అనుమానం వచ్చినప్పుడే.

బల్బు గాజు బాగా వేడెక్కుతుంది, ఎండుగడ్డి మీద పెట్టొద్దు.

కొత్త సభ్యుడు

ఇన్ని లెక్కలెందుకు? కొత్త బ్యాటరీ వచ్చేదాకా రాత్రిపూట బోరు మోటారు లైను నుంచి ఒక తీగ కంచెకు తగిలిస్తే పనైపోతుంది. మా ఊళ్లో చేస్తారు.

రాణిగంజ్ రిపేర్లు

దయచేసి ఆ మాట ఇంకెక్కడా రాయకండి. ఝట్కా మిషన్ వదిలేది సెకనులో అతి స్వల్ప భాగం మాత్రమే ఉండే దెబ్బ, తగిలినవాడు చెయ్యి వెనక్కి తీసుకోవడానికి మిగతా సెకనంతా ఉంటుంది. 230 వోల్టుల లైను పట్టుకుంటే వదలదు. పొద్దున్నే నీళ్లు పెట్టడానికి వచ్చిన కూలీ, పక్క పొలం పిల్లవాడు, మీ ఇంటి గేదె, ఎవరైనా కావచ్చు. అది నేరం కూడా, మనిషి చనిపోతే కేసు మీ మీదే.

దీనికి తోడు ఇంకొకటి చెప్పాలి. బ్యాటరీని ఇంట్లో కరెంటు చార్జరుతో చార్జ్ చేసుకునేవాళ్లు ముందు దాన్ని మిషన్ నుంచి, కంచె నుంచి పూర్తిగా విప్పి ఇంటికి తెచ్చుకోండి. కంచెకు తగిలించి ఉండగా చార్జరు పెట్టొద్దు. చార్జరు లోపల లోపముంటే లైను కరెంటు తీగలోకి వచ్చే వీలుంది.

శంషాబాద్ మామిడి

తాత్కాలికానికి ట్రాక్టరు బ్యాటరీ పెట్టుకోవచ్చు కదా? నేను ఏడాదిగా అదే వాడుతున్నాను, బాగానే ఉంది.

రాణిగంజ్ రిపేర్లు

వారం, పది రోజులకు పర్వాలేదు. అది బండి స్టార్టు చేయడానికి ఒక్కసారి గట్టిగా కరెంటివ్వడానికి చేసినది, పలుచని ప్లేట్లుంటాయి. రోజూ కొంచెం కొంచెం ఖాళీ చేస్తే త్వరగా దెబ్బతింటుంది. మీది పెద్దది కాబట్టి, రాత్రి ఖర్చు దానికి లెక్కలోది కాదు కాబట్టి ఏడాది నిలబడింది. ఈసారి ముసురు పట్టినప్పుడు దాని తెల్లవారుజాము అంకె ఒకసారి చూడండి.

చేవెళ్ల మొక్కజొన్న

బల్బు పరీక్ష అంగడి ముందే చేశాను. ఆయన తన మీటరే ఇచ్చాడు. పొద్దున 8.10కి తగిలించాం, మొదట 12.5 చూపించింది. 9 దాటాక 12 కిందికి వచ్చింది. 10 దాకా 11.6 దగ్గర ఉన్నట్టే ఉంది, ఆ తర్వాత మేం చూస్తుండగానే జారడం మొదలైంది. బల్బు పసుపు పచ్చగా మారింది. 10.30కి 10.8. ఆపేశాం. రెండు గంటల ఇరవై నిమిషాలు.

రాణిగంజ్ రిపేర్లు

1.75ను ఆ సమయంతో హెచ్చిస్తే దాదాపు 4 ఆంపియర్ అవర్లు. 26లో ఆరో వంతు కూడా లేదు. మీ తెల్లవారుజాము అంకె చెప్పింది కూడా ఇదే. ఇక మార్చేయండి. మూడేళ్లు ఎండలో ఉన్న డబ్బాలో పనిచేసింది, దాన్ని తప్పుపట్టడానికి లేదు.

శంషాబాద్ మామిడి

ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి లిథియం పెట్టించుకోండి. ఫాస్ఫేటు రకం వేడిని బాగా తట్టుకుంటుంది, రెండు వేల సార్లు ఖాళీ చేసి నింపినా పనిచేస్తుందంటారు. పైగా తేలిక, భుజాన వేసుకుని పోవచ్చు.

రాణిగంజ్ రిపేర్లు

నేను వద్దనను, కానీ అంత సులువుగా అవుననను. లెడ్ యాసిడ్ కంటే అది ఎక్కువ కాలం వస్తుందన్నది నిజం. అయితే మీ పాత కంట్రోలరులో లిథియం సెట్టింగు ఉందో లేదో చూడాలి. కొన్ని కంట్రోలర్లు లెడ్ యాసిడ్ కోసం అప్పుడప్పుడు 15 దాకా ఎక్కిస్తాయి, అప్పుడు లిథియం లోపలి రక్షణ సర్క్యూటు కనెక్షన్ తెంపేస్తుంది. రెండోది, దాని ముసలితనం వోల్టేజిలో కనిపించదు. సగం ఉన్నా, ముప్పావు ఉన్నా దాదాపు 13.2 చుట్టూనే తిరుగుతుంది. నేను పైన చెప్పిన తెల్లవారుజాము పద్ధతి దానికి పనికిరాదు, ఎన్ని గంటలు నడిచిందో చూసుకోవాలి. అయిపోయినప్పుడు మెల్లగా నెమ్మదించదు, ఒక్కసారిగా ఆగిపోతుంది.

శంషాబాద్ మామిడి

ఆగిపోతే ఆగిపోనివ్వండి. నాలుగేళ్లకు రెండు బ్యాటరీలు కొనడం కంటే ఒకటి కొనడం మేలు.

ఘట్‌కేసర్ తోట

అంత డబ్బు ఒకేసారి ఎక్కడ పెట్టగలం అన్నా? దొంగలు ఎత్తుకుపోతే ఎవరిని అడగాలి? మా పక్క ఊళ్లో ప్యానెల్ కూడా విప్పుకుపోయారు.

చేవెళ్ల మొక్కజొన్న

నేను మళ్లీ సీల్డు 26 మీదే ఉన్నాను. పాతదాన్ని పారేయకుండా కొత్తదాని పక్కనే ప్యారలల్‌లో పెడితే ఆ నాలుగైనా కలిసి వస్తాయి కదా?

రాణిగంజ్ రిపేర్లు

పెట్టకండి. పాతది తనలో తానే కరెంటు కోల్పోతూ ఉంటుంది, ఆ లోటు కొత్తదే తీర్చాల్సి వస్తుంది. దానిలో ఒక సెల్లు షార్టయితే కొత్తదాన్ని రాత్రికి రాత్రి పీల్చేస్తుంది. షార్టయిన సెల్లుకు గుర్తేమిటంటే నిండా చార్జ్ చేసినా 10.5 దగ్గరే కూర్చుంటుంది, రెండు వోల్టులు మాయం.

కొనేటప్పుడు అంగట్లోనే మీటరు పెట్టండి. 12.6 కంటే పైన ఉండాలి. 12.4 కిందికి ఉంటే ఎన్నో నెలలుగా అరల్లో పడి ఉన్నట్టు, అది పెట్టెలోనే ముసలిదైపోయింది, వేరేది అడగండి. బిల్లు తేదీ బ్యాటరీ మీదే మార్కరుతో రాయండి.

పెట్టిన మొదటి వారంలో ఎండ బాగున్న రోజు చూసి సాయంత్రం, తెల్లవారుజాము అంకెలు రెండూ తీసి డబ్బా మూత లోపల రాసిపెట్టండి. మీకు కొలమానం అదే, నేను చెప్పే అంకెలు కాదు. చవక మీటర్లు ఒక పాయింటు అటూఇటూ చూపిస్తాయి, అందుకే ఎప్పుడూ అదే మీటరుతో, అదే సమయానికి కొలవాలి. తర్వాత నెలకోసారి తెల్లవారుజాము అంకె చూస్తే చాలు. మీ ఖర్చుకు, మీ బ్యాటరీకి అది 12.5 ఉన్నంతకాలం నిశ్చింత. మంచి ఎండ రోజుల్లోనే 12.4కి పడితే లోపల సగం పోయిందనుకోండి, వానలకు ముందే డబ్బు చూసుకోవాలి. 12.2 అయితే ఆగొద్దు. ముఖ్యంగా మే చివర్లో ఒకసారి తప్పకుండా చూడండి. మబ్బు రోజున తీసిన అంకెను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు.

చేవెళ్ల మొక్కజొన్న

కొత్తది పెట్టి వారమైంది. అంగట్లో 12.7 ఉంది. డబ్బాను స్తంభానికి ఉత్తరం వైపు మార్చి, పైన రేకు కొంచెం ఎత్తులో బిగించి గాలాడేలా చేశాను. సాయంత్రం 12.9, తెల్లవారుజామున 12.5. టక్ టక్ శబ్దం రాత్రంతా ఒకే తీరుగా వస్తోంది. పందులు గట్టు దాకా వచ్చి తిరిగిపోయిన అడుగులు కనిపించాయి.

అయితే మొన్న రాత్రి వాన పడ్డాక ఎర్ర లైటు మళ్లీ మినుకుమంది. బ్యాటరీ చూస్తే 12.6 ఉంది. శబ్దం నెమ్మదించలేదు.

యాచారం వేరుశనగ

నేను మొదటే చెప్పాను, గడ్డి అని.

రాణిగంజ్ రిపేర్లు

ఈసారి మీ మాటే నిజమయ్యేలా ఉంది. శబ్దం నెమ్మదించి లైటు వస్తే బ్యాటరీ, శబ్దం మామూలుగా ఉండి లైటు వస్తే కంచె. ఆయన మిషన్‌లో కూడా లైటు ఒకటే ఉన్నట్టుంది. చేవెళ్ల రైతు గారూ, తడిసిన గడ్డి తీగకు ఎక్కడ ఆనుతోందో, ఏ స్తంభం దగ్గర ఇన్సులేటరు పగిలిందో రాత్రి టార్చి లేకుండా నడుస్తూ చూడండి, చిటపటమనే చోట సన్నని నిప్పురవ్వ కనబడుతుంది. కంచె వోల్టేజి చూసే మీటరు ఎవరిదగ్గరైనా దొరికితే మిషన్ దగ్గర ఒకటి, కంచె ఆ చివర ఒకటి కొలిచి ఇక్కడ రాయండి. ఎర్తింగు కడ్డీలు ఎన్ని దిగేశారో, వాటి మధ్య ఎంత దూరముందో కూడా కావాలి.

చేవెళ్ల మొక్కజొన్న

ఎర్తింగు ఒకే కడ్డీ అన్నా. కంచె వేసిన అబ్బాయి దగ్గర మీటరుంది, ఆదివారం రమ్మన్నాను. రెండు చివరలా కొలిపించి రాస్తాను.